పుస్తకాన్ని మరో భాషలోకి తీసుకెళ్ళడం: హక్కుల దగ్గర్నుంచి నుడికారం దాకా

మా పుస్తకాన్ని వేరే భాషలోకి అనువాదం చేయించాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని రచయితలూ వారసులూ తరచుగా అడుగుతుంటారు. చిన్న ప్రచురణకర్తలు అడిగేదీ ఇదే. ఈ వ్యాసం వాళ్ళకోసం. ఒక తెలుగు నవలను హిందీలోకో ఇంగ్లీషులోకో తీసుకెళ్ళే పనిని దృష్టిలో పెట్టుకుని రాశాం. కథల సంపుటికీ, ఆత్మకథకీ ఇదే వరస సరిపోతుంది. కవిత్వం దారి వేరు, దాన్ని ఇక్కడ కలపలేదు.

వరస ముఖ్యం. ముందు మూలపాఠం, తర్వాత హక్కులు, తర్వాత అనువాదకులు, ఆ తర్వాతే అనువాదం. చాలామంది ఉత్సాహంలో అనువాదం ముందు పూర్తిచేసి, ఆపైన అనుమతికి వెళ్తారు. అప్పటికే ఆ భాషలో హక్కులు ఇంకొకరికి ఇచ్చేసి ఉంటే నెలల శ్రమ సొరుగులోనే ఉండిపోతుంది.

## 1. ఏ పాఠాన్ని అనువదించాలో తేల్చుకోండి

చాలా నవలలు ముందు వారపత్రికలో సీరియల్‌గా వచ్చి, తర్వాత పుస్తకమయ్యాయి. పుస్తకంగా వేసేటప్పుడు రచయిత కొన్ని భాగాలు తీసేసి ఉండవచ్చు. మలిముద్రణలో ముగింపు మార్చి ఉండవచ్చు. కాబట్టి "ఈ నవల" అంటే ఏ ముద్రణ అన్నది రాతపూర్వకంగా తేల్చుకోవాలి. రచయిత జీవించి ఉంటే ఆయన లేదా ఆమె చెప్పిందే ఖాయం. లేకపోతే, రచయిత స్వయంగా చూసిన చివరి ముద్రణను ఆధారంగా తీసుకోవడం మంచిది.

తర్వాత కంప్యూటర్ ప్రతి. పాత డీటీపీ ఫాంట్లలో కంపోజ్ చేసిన పుస్తకాన్ని యూనికోడ్‌లోకి మార్చినప్పుడు ఒత్తులు తారుమారవుతాయి, అరసున్నలు ఎగిరిపోతాయి, ఒక్కోసారి పేరాల విరుపులు కూడా పోతాయి. మార్చిన ప్రతిని అచ్చుపుస్తకంతో ఒకసారి పూర్తిగా సరిచూడాలి. ఇది విసుగు పుట్టించే పనే. కానీ "కల" అన్నచోట "కళ" పడితే అనువాదకులు దాన్ని నమ్మి ముందుకెళ్ళిపోతారు. ఆ తప్పును తర్వాత ఎవరూ పట్టుకోలేరు, ఎందుకంటే అనువాదంలో ఆ వాక్యం చక్కగానే ఉంటుంది.

అనువాదకుల చేతికి ఇవ్వాల్సినవి:

- సరిచూసిన యూనికోడ్ ప్రతి, దానితోపాటు అచ్చుపుస్తకం ఒకటి
- మొత్తం మాటల లెక్క
- తెలిసిన అచ్చుతప్పుల పట్టిక
- పుస్తకంలో ఇతరుల రచనల నుంచి ఎత్తిరాసిన పాటలు, పద్యాలు, ఉత్తరాల జాబితా, పేజీ సంఖ్యలతో

ఈ నాలుగోది హక్కుల దశలో మళ్ళీ పనికొస్తుంది.

## 2. హక్కు ఎవరి దగ్గరుందో కనుక్కోండి

అనువాద హక్కు అనేది ప్రచురణ హక్కులో దానంతటదే కలిసిపోయేది కాదు. రచయితల హక్కుల గురించి దేశాల మధ్య 1886లో మొదలైన బెర్న్ ఒప్పందం 8వ అధికరణం ప్రకారం, తన రచనను అనువదించే హక్కు, అనువాదానికి అనుమతినిచ్చే హక్కు రచయితవే. రచయిత దాన్ని ఎవరికైనా రాసిచ్చి ఉంటేనే వేరొకరి చేతికి వెళ్తుంది.

అందుకని ముందు మొదటి ప్రచురణ ఒప్పందం తీసి చూడాలి. అందులో "తెలుగులో ముద్రించే హక్కు" అని మాత్రమే ఉంటే అనువాద హక్కు రచయిత దగ్గరే ఉన్నట్టు. "సర్వహక్కులు" అని ఉంటే ప్రచురణ సంస్థనూ అడగాలి. పుస్తకం లోపలి పేజీలో "సర్వహక్కులు ప్రచురణకర్తవి" అని వేసినంత మాత్రాన సరిపోదు, దాని వెనక సంతకం చేసిన కాగితం ఉండాలి.

రచయిత లేకపోతే వారసులు. ఇక్కడ ఎక్కువగా జరిగే పొరపాటు ఒకటుంది. ముగ్గురు వారసులుంటే అందుబాటులో ఉన్న ఒక్కరి దగ్గర సంతకం తీసుకుని పని మొదలుపెట్టేస్తారు. పుస్తకం బయటికి వచ్చాక మిగతా ఇద్దరిలో ఒకరు అభ్యంతరం చెప్తే పంపిణీ ఆగిపోతుంది. అందరూ సంతకం చేయాలి, లేదా ఒకరికి మిగతావాళ్ళు రాతపూర్వకంగా అధికారం ఇవ్వాలి.

గడువు లెక్క. బెర్న్ ఒప్పందం ప్రకారం రచయిత మరణం తర్వాత కనీసం 50 ఏళ్ళు హక్కులుంటాయి. భారతదేశంలో 60 ఏళ్ళు, ఐరోపా సమాఖ్య దేశాల్లో 70. లెక్క మరణించిన రోజు నుంచి కాదు, ఆ మరుసటి ఏడాది జనవరి 1 నుంచి. 1970 జూన్‌లో మరణించిన రచయిత పుస్తకానికి 60 ఏళ్ళ లెక్కన 2030 డిసెంబర్ 31 దాకా అనుమతి కావాలి. మీ అనువాదం 70 ఏళ్ళ నియమం ఉన్న దేశంలో కూడా అమ్ముడవబోతుంటే అక్కడి గడువు విడిగా చూసుకోండి. ఒక దేశంలో హక్కులు తీరిపోయినంత మాత్రాన అన్నిచోట్లా తీరిపోయినట్టు కాదు.

మధ్య అనువాదం. మూలరచనకు గడువు తీరినా, దాని అనువాదానికి వేరే హక్కు ఉంటుంది, అది అనువాదకుల పేరు మీద లెక్క. ఒక పాత ఫ్రెంచి నవలను ఇంగ్లీషు అనువాదం చూసి తెలుగు చేస్తున్నారనుకోండి. ఫ్రెంచి రచయిత పోయి 100 ఏళ్ళు దాటినా, ఆ ఇంగ్లీషు అనువాదం ఇటీవలిదైతే దానికి అనుమతి తీసుకోవాల్సిందే.

పుస్తకంలో పుస్తకాలు. నవలలో ఒక పాత్ర సినిమా పాట పాడుకుంటుంది. ఆ పాట హక్కు నవలా రచయితది కాదు. రెండు మాటలు తలుచుకుంటే పెద్ద ఇబ్బంది రాదుగాని, చరణం మొత్తం అచ్చువేస్తే విడిగా అనుమతి కావాలి. ముఖచిత్రం, ఫోటోలు, ముందుమాట కూడా ఇంతే. ముందుమాట వేరొకరు రాసి ఉంటే దాన్ని అనువదించడానికి ఆ రాసినవారిని అడగాలి.

## 3. హక్కుల ఒప్పందంలో ఏముండాలి

నోటిమాట మీద నడిచిన అనువాదాలు చాలానే ఉన్నాయి. గొడవ వచ్చేది పుస్తకం బాగా పోయినప్పుడే. అందుకే కాగితం తప్పదు, అది రెండు మూడు పేజీలైనా చాలు. అందులో ఈ విషయాలు తేలాలి:

- ఏ భాష, ఏ ఏ దేశాల్లో అమ్మకం
- ఏ రూపాలు: అచ్చుపుస్తకం, ఈబుక్, ఆడియో. పేరు చెప్పని రూపం రచయిత దగ్గరే ఉంటుందన్న వాక్యం
- హక్కు ఒక్కరికేనా, మరొకరికీ ఇవ్వవచ్చా
- ఎన్నేళ్ళు (5 నుంచి 7 ఏళ్ళు మామూలు), తర్వాత పొడిగింపు ఎలా
- సంతకం చేసిన ఎన్ని నెలల్లో పుస్తకం రావాలి (18 నుంచి 24 నెలలు సబబు), రాకపోతే హక్కు వెనక్కి వచ్చేస్తుందన్న షరతు
- ముందస్తు సొమ్ము, రాయల్టీ శాతం, లెక్కలు ఏడాదికి ఎన్నిసార్లు
- రచయితకు ఉచిత ప్రతులు ఎన్ని
- రచయిత అనుమతి లేకుండా కోతలు, చేర్పులు, పేరు మార్పు ఉండవన్న మాట
- ఈ అనువాదం నుంచి మూడో భాషలోకి వెళ్ళాలంటే ఎవరెవరిని అడగాలి

రాయల్టీ దగ్గర శాతం కంటే అది దేనిమీద శాతం అన్నదే అసలు ప్రశ్న. పుస్తకం ధర 100 అనుకోండి, రాయల్టీ 8 శాతం. ముద్రిత ధర మీద అయితే రచయితకు 8 వస్తుంది. పంపిణీదారుకు సగం తగ్గింపు పోగా చేతికొచ్చిన 50 మీద అయితే వచ్చేది 4. రెండు ఒప్పందాల్లోనూ "8 శాతం" అనే ఉంటుంది. ఏ మొత్తం మీద అన్నది మాటల్లో స్పష్టంగా రాయించుకోండి.

గడువు తీరితే హక్కు వెనక్కి వచ్చే షరతును చాలామంది వదిలేస్తారు. అది లేకపోతే ఒక సంస్థ హక్కులు తీసుకుని పుస్తకం వేయకుండా కూర్చున్నా, మీరు ఇంకొకరికి ఇవ్వలేరు. పై జాబితాలో ఒక్కటే పట్టుబట్టి సాధించుకోగలిగితే, దాన్నే సాధించుకోండి.

## 4. అనువాదకులను ఎంచుకోవడం

ఏ భాషలోకి వెళ్తోందో ఆ భాషలో రాయగలిగినవాళ్ళు కావాలి. రెండు భాషలూ బాగా మాట్లాడగలగడం వేరు, ఒక భాషలో వచనం రాయగలగడం వేరు. తెలుగు బాగా అర్థమై, హిందీలో మామూలుగా రాసే వ్యక్తి కంటే, హిందీలో చక్కగా రాస్తూ తెలుగులో సందేహాలొస్తే అడిగి తెలుసుకునే వ్యక్తి మేలు. సందేహాలు తీర్చడానికి మీరున్నారు, కానీ శైలిని మాత్రం మీరు ఇవ్వలేరు.

నమూనా ఎలా తీసుకోవాలి. మొదటి అధ్యాయం ఇవ్వకండి. దాన్ని అందరూ శ్రద్ధగానే చేస్తారు, పైగా చాలా నవలల్లో మొదటి పేజీలు వర్ణనతోనే సాగుతాయి. పుస్తకం మధ్యలోంచి మూడు ముక్కలు ఎంచండి: ఒకటి ఇద్దరు ముగ్గురు పోట్లాడుకునే సంభాషణ, ఒకటి పొడుగు వాక్యాలున్న కథనం, ఒకటి సామెతలూ జాతీయాలూ దట్టంగా ఉన్న పేజీ. మూడూ కలిపి 1,500 మాటలు చాలు. నమూనాకు డబ్బు ఇవ్వండి. ఇద్దరు ముగ్గురి దగ్గర నమూనాలు తీసుకుంటే పోల్చుకోవడం తేలిక.

నమూనాను ఎవరు చదవాలి. ఇద్దరు చదవాలి. ఒకరు రెండు భాషలూ తెలిసినవారు, మూలం పక్కన పెట్టుకుని చదువుతారు. మరొకరు తెలుగు అసలు రానివారు, అనువాదాన్ని మాత్రమే చదువుతారు. రెండో పాఠకుల మాటకు ఎక్కువ విలువ ఇవ్వండి, ఎందుకంటే పుస్తకం కొనేది వాళ్ళే. ఎక్కడ ఆగిపోయారో, ఎక్కడ వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివారో గీత పెట్టమనండి.

నమూనాలో గమనించాల్సినవి:

- మూలంలో ఎన్ని పేరాలున్నాయో అన్నీ ఉన్నాయా? కష్టమైన వాక్యాలు చప్పుడు లేకుండా మాయమయ్యాయా?
- మాట్లాడేవాళ్ళందరూ ఒకేలా మాట్లాడుతున్నారా? ముసలమ్మా, గుమాస్తా, పదేళ్ళ పిల్లా ఒకే గొంతుతో వినిపిస్తే అది పెద్ద లోపం.
- మూలంలో లేని వివరణలు వాక్యాల్లో చేరాయా?
- అనువాదకులు ప్రశ్నలు పంపారా?

చివరిదాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. జాతీయాలు నిండిన పేజీ మీద ఒక్క ప్రశ్నా రాలేదంటే, వాళ్ళకు అన్నీ తెలిసి ఉండాలి లేదా తెలియనిచోట ఊహించేసి ఉండాలి. ఆ పేజీని రెండుసార్లు సరిచూడండి.

పారితోషికం, మాటల లెక్క. మాటకు ఇంత అని ఒప్పుకుంటే, ఏ భాషలో మాట అన్నది తప్పక రాసుకోవాలి. తెలుగులో ఒక మాటలో ఇమిడేది ఇంగ్లీషులో వాక్యమవుతుంది. "రాలేకపోతున్నానన్నాడు" తెలుగులో ఒక్క మాట, ఇంగ్లీషులో "హీ సెడ్ హీ వాజ్ అనేబుల్ టు కమ్" ఏడు మాటలు. అన్ని మాటలూ ఇంత సాగవుగానీ, పుస్తకం మొత్తం మీద తేడా బాగానే తేలుతుంది. మూలభాష మాటల లెక్క పెట్టుకుంటే మొత్తం ఎంతో మొదటిరోజే ఇద్దరికీ తెలుస్తుంది.

చెల్లింపు మూడు భాగాలుగా ఉంటే ఇద్దరికీ మంచిది: సంతకం రోజున ఒకటి, పూర్తి చిత్తుప్రతి చేతికొచ్చినప్పుడు ఒకటి, సవరణలు అయ్యాక ఒకటి. ఎన్ని విడతల సవరణలు ఆ పారితోషికంలోకి వస్తాయో రాయండి, రెండు విడతలు సబబు. ముఖచిత్రం మీదో లోపలి మొదటి పేజీలోనో అనువాదకుల పేరు ఉంటుందనీ, అనువాదం మీద హక్కు ఎవరిదనీ అక్కడే తేల్చండి. అనువాదకుల దగ్గరే హక్కు ఉండి, వాళ్ళు మీకు నిర్ణీతకాలానికి ప్రచురణ అనుమతి ఇవ్వడం న్యాయమైన పద్ధతి.

## 5. మొదటి వాక్యానికి ముందు నిర్ణయాల పట్టిక

అనువాదకులూ మీరూ కూర్చుని ఒక పట్టిక తయారుచేయాలి. నాలుగైదు పేజీలు చాలు. పని సాగుతున్నకొద్దీ అది పెరుగుతుంది.

ఇందులో ముందు పేర్లు. పాత్రల పేర్లు, ఊళ్ళ పేర్లు కొత్త లిపిలో ఎలా రాయాలో ఒకసారి నిర్ణయించి మార్చకుండా ఉంచాలి. 30వ పేజీలో ఒకలా, 200వ పేజీలో ఇంకోలా ఉంటే పాఠకులు ఇద్దరు మనుషులనుకుంటారు.

తర్వాత వరసలు. అత్తయ్య, బావ, వదిన వంటి పిలుపుల్లో ఏవి అలాగే ఉంటాయి, ఏవి మారతాయి. దీనికి నవలలోని కుటుంబవృక్షం గీసి ఇవ్వండి. తెలుగులో "అత్తయ్య" నాన్న చెల్లెలు కావచ్చు, మేనమామ భార్య కావచ్చు, పెళ్ళయ్యాక భర్త తల్లి కావచ్చు. హిందీలో ఆ ముగ్గురికీ మూడు మాటలు: బువా, మామీ, సాస్. ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు, ఎంచుకోవాలంటే ఆ చుట్టరికం తెలియాలి.

తర్వాత నువ్వు, మీరు. ఎవరు ఎవరిని ఎలా పిలుస్తారో, కథలో అది ఎప్పుడు మారుతుందో గుర్తుపెట్టుకోవాలి. "మీరు" నుంచి "నువ్వు"కు దిగిన క్షణం కథలో మలుపు అయినప్పుడు, ఇంగ్లీషులో రెండూ ఒకటే కాబట్టి ఆ మలుపును వేరే విధంగా చూపాలి: అప్పటిదాకా ఇంటిపేరుతోనో హోదాతోనో పిలిచినవారు అక్కడినుంచి పేరుపెట్టి పిలవడం ఒక దారి.

చివరగా మాండలికం. ఒక ప్రాంతపు యాసను అవతలి భాషలోని ఇంకో ప్రాంతపు యాసలోకి మార్చవద్దు. మార్చితే పాత్ర ఉన్నపళంగా వేరే ఊరి మనిషి అయిపోతుంది. వాక్యాలు పొట్టిగా, వాడుకలో, కొంచెం మొరటుగా ఉంచి, చదువుకున్న పాత్రల మాటకూ దీనికీ తేడా వినిపించేలా చేస్తే చాలు.

## 6. నుడికారం: ఒక పేజీని దగ్గరగా చూద్దాం

జాతీయం ఎదురైనప్పుడు అనువాదకుల ముందు నాలుగు దారులుంటాయి. అవతలి భాషలో అదే భావమున్న జాతీయం పెట్టడం. పోలికను యథాతథంగా ఉంచడం. పోలిక వదిలేసి అర్థం చెప్పడం. అక్కడ వదిలేసి, ఆ రుచిని దగ్గర్లో ఇంకోచోట ఇవ్వడం. ఏది మేలన్నది జాతీయాన్ని బట్టి కాదు, ఆ సన్నివేశంలో అది చేస్తున్న పనిని బట్టి తేలుతుంది.

ఈ పేజీకోసం కల్పించిన ముక్క ఇది:

"లక్ష్మి గడపలోనే ఎదురొచ్చింది. 'ఏం బావా, నల్లపూసైపోయావు! అత్తయ్య కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది,' అంది. రమణ నీళ్ళు నమిలాడు."

మూడు జాతీయాలు, రెండు పిలుపులు. ఒక్కొక్కటే చూద్దాం.

నల్లపూస. మాటకు మాట పెడితే "నల్లటి పూస అయ్యావు" అని వస్తుంది. పాఠకులు రమణ ఎండకు నల్లబడ్డాడనుకుంటారు. ఇది మామూలుగా జరిగే పొరపాటు, పైగా వాక్యం తప్పుగా కనిపించదు కాబట్టి దొరకదు. హిందీలో సరిగ్గా ఇదే భావానికి "ఈద్ కా చాంద్ హో గయే" అంటారు. అరుదుగా కనిపించే మనిషిని ఎవరైనా అలా దెప్పవచ్చు, కాబట్టి అది లక్ష్మి నోట ఒదుగుతుంది. కానీ ఒప్పుకునే ముందు పుస్తకంలో ముందుకెళ్ళి చూడాలి. రెండు అధ్యాయాల తర్వాత లక్ష్మి నల్లపూసలు గుచ్చుకుంటూ ఈ మాటనే గుర్తుచేసుకుంటే, చంద్రుణ్ణి పెట్టినవాళ్ళు అక్కడ ఇరుక్కుంటారు. అప్పుడు పూసనే ఉంచి, "నల్లపూసలా కంటికి కనబడకుండా పోయావు" అన్నట్టు అర్థాన్ని ఆ వాక్యంలోనే అల్లాలి.

ఇంగ్లీషులో దీనికి దీటైన జాతీయం వెతకడం అనవసరం. "వుయ్ హార్డ్‌లీ సీ యూ ఎనీమోర్" అన్న మామూలు దెప్పుమాట ఆ పని చేస్తుంది.

కళ్ళు కాయలు కాయడం. హిందీలో "ఆంఖే పథరా గయీ" అంటారు, ఎదురుచూసి చూసి కళ్ళు రాళ్ళయ్యాయని. భావం సరిపోయింది, తూకం కూడా సరిపోయింది. ఇంగ్లీషులో కాయలను ఉంచితే కంటిజబ్బులా వినిపిస్తుంది. "షీ హాజ్ వోర్న్ హర్ ఐస్ అవుట్ వాచింగ్ ద రోడ్" అంటే కళ్ళూ ఉన్నాయి, ఎదురుచూపూ ఉంది, కొంచెం అతిశయోక్తి కూడా మిగిలింది.

నీళ్ళు నమలడం. హిందీలో జవాబు తోచక అటూ ఇటూ చూడ్డాన్ని "బగలే ఝాంక్‌నా" అంటారు. రమణ తప్పించుకోజూస్తున్నాడా, సిగ్గుపడుతున్నాడా అన్నది ఇక్కడ చూడాలి. తప్పించుకోజూస్తుంటే ఆ జాతీయం సరిపోతుంది, సిగ్గయితే అది గట్టి మాట అవుతుంది. ఇంగ్లీషులో "రమణ మంబుల్డ్ సమ్‌థింగ్" చాలు. ఒకే పేరాలో మూడు జాతీయాలకూ మూడు జాతీయాలు తెచ్చి పెడితే అవతలి భాషలో అది బరువుగా, కృత్రిమంగా ఉంటుంది. తెలుగులో ఇవి మామూలు మాటల్లా దొర్లిపోతాయి, అక్కడా అంత తేలిగ్గానే దొర్లాలి.

బావా. అసలు చిక్కు ఇక్కడే. లక్ష్మికి రమణ మేనత్త కొడుకు, వాళ్ళిద్దరికీ పెళ్ళి మాటలు నడుస్తున్నాయనుకోండి. హిందీలో మేనత్త కొడుకు "ఫుఫేరా భాయీ", అంటే అన్నో తమ్ముడో. లక్ష్మి చేత "భయ్యా" అనిపించిన క్షణంలో ఆ సరసం చచ్చిపోతుంది, తర్వాత వచ్చే పెళ్ళి పాఠకులకు ఇబ్బందిగా తోస్తుంది. "జీజాజీ" పెడితే లక్ష్మి అక్కను రమణ పెళ్ళాడినట్టవుతుంది. ఇంగ్లీషు "కజిన్" కూడా మేలు కాదు. "బావా" అనే ఉంచాలి. మొదటిసారి వచ్చినచోట, పెళ్ళాడదగిన మేనరికపు వరస అని కథలో భాగంగా తెలిసేలా ఒక చిన్న వాక్యం చేర్చవచ్చు. అలా చేర్చడానికి రచయిత అనుమతి ఉండాలి, నిర్ణయాల పట్టికలో నమోదు కావాలి. ఆ తర్వాత పుస్తకమంతా వివరణ అక్కర్లేదు.

ఇదే కుటుంబవృక్షం ప్రకారం "అత్తయ్య" ఇప్పటికి బువా. పెళ్ళయ్యాక సాస్. తెలుగులో పిలుపు మారదు, హిందీలో లక్ష్మి ఆమెను పిలిచే మాట మారాలా అన్నది ఇంకో నిర్ణయం. పిలుపు మార్చకుండా చివరిదాకా బువా అనే ఉంచితే, పుట్టింటి చుట్టరికం అత్తారింట్లోనూ సాగుతోందని పాఠకులకు తెలుస్తుంది. తెలుగులో ఆ మాట ఇస్తున్న వెచ్చదనమూ అదే.

సామెతల దగ్గర ఒక అదనపు జాగ్రత్త. "అత్త మీద కోపం దుత్త మీద" అన్నదాంట్లో సగం బలం ప్రాసది. అర్థం ఒక్కటే తీసుకెళ్తే చప్పగా ఉంటుంది. ప్రాస కుదిర్చే పొట్టి వాక్యం దొరికితే పెట్టండి, లేకపోతే మామూలు వాక్యంతో సరిపెట్టి ఆ పేజీలో ప్రాస తేలిగ్గా కుదిరే ఇంకోచోట పెట్టండి. సన్నివేశంలో నిజంగానే ఒక కుండ పగిలితే మాత్రం దుత్తను వదలకూడదు.

అధోజ్ఞాపికలు వీలైనంత తక్కువ. నవలలో ప్రతి జాతీయానికీ కింద ఒక గమనిక పెడితే చదివేవారి చూపు పేజీ అడుగుకీ పైకీ తిరుగుతూ కథ జారిపోతుంది. వాక్యంలో ఇమడనిది, తెలియకపోతే కథే అర్థం కానిది అయితేనే గమనిక.

ఎక్కడైనా సందేహం వస్తే ఇవి వరసగా అడగండి:

1. ఇక్కడ ఈ మాట ఏం చేస్తోంది: దెప్పుతోందా, ఓదారుస్తోందా, నవ్విస్తోందా?
2. ఈ పోలిక పుస్తకంలో మళ్ళీ వస్తుందా?
3. అవతలి జాతీయం ఈ పాత్ర నోట నమ్మదగ్గదా? అందులో ఈ కథాలోకంలో లేని వస్తువుందా?
4. మూలంలో ఇది వాడుకమాటా, రచయిత కొత్తగా కట్టినదా? కొత్తగా కట్టినదైతే అనువాదంలోనూ కొత్తగానే ఉండాలి. అరిగిన జాతీయం పెడితే రచయిత సొంత ఊహ పోతుంది.

## 7. చిత్తు నుంచి తుదిప్రతి దాకా

60,000 మాటల నవలకు రోజుకు 1,000 మాటల లెక్కన 60 పనిదినాలు, అంటే దాదాపు మూడు నెలలు. సవరణకు ఇంకో నెలన్నర, బయటి పాఠకులకూ సంపాదకులకూ రెండు నెలలు. ఆరున్నర నెలలకు తక్కువ గడువు పెడితే కోత పడేది సవరణకే.

సవరణను ఈ వరసలో చేయాలి:

1. మూలంతో పోల్చడం. వాక్యానికి వాక్యం. వదిలేసినవి, అపార్థాలు, అంకెలు, తేదీలు, వరసలు.
2. మూలం మూసేసి చదవడం. కనీసం వారం విరామం తర్వాత, బిగ్గరగా. నాలుక తడబడిన ప్రతిచోటా తెలుగు వాక్యనిర్మాణం కింద దాక్కుని ఉంటుంది. "అని" తో ముగిసే పొడుగు వాక్యాలు, "చేసి, వెళ్ళి, కూర్చుని" అంటూ సాగే క్రియలు ఇంగ్లీషులో ఎక్కువగా ఇలా దొరికిపోతాయి. వాటిని రెండు మూడు వాక్యాలుగా విరవండి.
3. రచయితకు ప్రశ్నలు. ఒక్కోటి ఒక్కోసారి పంపకుండా, పేజీ సంఖ్యలతో ఒకే జాబితాగా.
4. తెలుగు రాని పాఠకులు. నమూనా చదివినవారు కాక కొత్తవారు.
5. ఆఖరి మార్పుల తర్వాత మళ్ళీ మూలంతో ఒకసారి. అందంకోసం చేసిన మార్పులు అర్థాన్ని జరపడం ఈ దశలోనే జరుగుతుంది. మార్చిన వాక్యాలను మాత్రం సరిచూస్తే చాలు.

రెండో మెట్టును మొదటి మెట్టుకు ముందు పెట్టడం చాలామంది చేసే పొరపాటు. వాక్యాలు నున్నగా అయ్యాక తప్పులు కంటికి ఆనవు, దిద్దిన వాక్యాన్ని మళ్ళీ పాడుచేయడానికి మనసూ ఒప్పదు.

రచయితకు అవతలి భాష కొంచెం వచ్చినప్పుడు ఒక ఇబ్బంది ఉంటుంది. "నేను ఈ మాట వాడలేదు" అంటూ మాటకు మాట సరిపోవాలని పట్టుబడతారు. దీనికి మందు ముందే వేసుకోవాలి: అర్థం తప్పితే రచయిత మాట చెల్లుతుంది, అవతలి భాష నడకకు సంబంధించినదైతే అనువాదకుల మాట చెల్లుతుంది. ఈ వాక్యాన్ని ఒప్పందంలోనే రాసుకోవచ్చు.

## 8. అచ్చుకు పంపేముందు

- హక్కుల పేజీలో మూలం పేరు, రచయిత పేరు, మొదటి ప్రచురణ సంవత్సరం, ఏ భాష నుంచి అనువాదం అన్నది
- మూలరచన హక్కు ఎవరిది, అనువాదం హక్కు ఎవరిది, రెండూ విడివిడి వరసల్లో
- ఎత్తిరాసిన పాటలకూ పద్యాలకూ తీసుకున్న అనుమతుల ప్రస్తావన
- అనువాదానికి కొత్త ఐఎస్‌బీఎన్. మూలపుస్తకానిది వాడకూడదు
- ముఖచిత్రం పాతదే వాడితే చిత్రకారుల అనుమతి
- నిర్ణయాల పట్టికతో పేర్ల స్పెల్లింగు ఆఖరి సరిచూపు
- వెనక అట్ట మీది మాటలు అనువాదకులకు చూపించారా? పుస్తకం లోపల "బావా" అని ఉంచి, వెనక అట్ట మీద "కజిన్" అని పడేది ఇక్కడే
- నిర్ణయాల పట్టికనూ, ఉత్తరప్రత్యుత్తరాలనూ, ఆఖరి ఫైలునూ ఒకచోట భద్రపరిచారా? మలిముద్రణకూ, అదే రచయిత తర్వాతి పుస్తకానికీ ఆ పట్టికే ఆధారం